బయట అనే దిక్కు లేని చోటు

1935 జనవరి 11. శుక్రవారం సాయంత్రం. లండన్, బర్లింగ్టన్ హౌస్. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశానికి ముందు టీ నడుస్తోంది. కప్పుల చప్పుడు. చలికోట్ల మీద ఇంకా వీధి తడి వాసన. ఇంత మంది తెల్ల మొహాల మధ్య ఒక్క నల్లజుట్టు కుర్రాడు. వయసు ఇరవై నాలుగు. పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. మద్రాసు వాడు. చేతిలో నాలుగున్నరేళ్ల లెక్కలున్నాయి.

అతని పక్కనే ఆర్థర్ ఎడింగ్టన్. నక్షత్రాల సంగతిలో ప్రపంచం మొత్తం ఎవరి మాట కోసం చెవి ఒగ్గుతుందో ఆ మనిషి. ఆ రోజు కార్యక్రమంలో చంద్ర ప్రసంగం తర్వాత ఆయనదే. ఆయన ఎంచుకున్న అంశం సరిగ్గా చంద్ర అంశమే. విలియం మెక్రే అనే గణితవేత్త దగ్గరికొచ్చి, ఏం చెప్పబోతున్నారని ఎడింగ్టన్‌ని అడిగాడు. ఎడింగ్టన్ జవాబివ్వలేదు. తల తిప్పి చంద్ర వైపు చూసి నవ్వాడు. అది నీకో ఆశ్చర్యం, అన్నాడు.

చంద్ర నోట్లో టీ చల్లారిపోయింది.

అంతకు ముందు రాత్రి కూడా ఇంతే. కార్యక్రమ పత్రం చేతికొచ్చి, అందులో తన పేరు కింద ఎడింగ్టన్ పేరు చూసి చంద్ర నివ్వెరపోయాడు. కేంబ్రిడ్జిలో భోజనాల హాల్లో ఇద్దరూ కలిశారు. ఎడింగ్టన్ ఆ విషయమే ఎత్తలేదు. పైగా, నీ పని వివరంగా చెప్పుకోవడానికి అరగంట ఇమ్మని కార్యదర్శికి నేనే చెప్పాను, అన్నాడు. వారాల తరబడి ఆయన చంద్ర గదికి వచ్చిపోతూనే ఉన్నాడు. చేత్తో తిప్పే లెక్కల యంత్రం గరగరలాడుతుంటే పక్కన నిలబడి, ఈ రోజు ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. ప్రతి అంకె ఆయనకు తెలుసు. మనసులో ఏముందో మాత్రం ఒక్కసారీ బయటపెట్టలేదు.

ఆ అంకెలు పుట్టింది కేంబ్రిడ్జిలో కాదు. నడి సముద్రంలో.

1930 జూలై 31. బొంబాయి రేవు. పిల్స్నా అనే ఇటలీ ఓడ. పందొమ్మిదేళ్ల చంద్ర మెట్లెక్కాడు. మద్రాసు ఇంట్లో తల్లి సీతాలక్ష్మి మంచం మీద ఉంది. ఆమెను మళ్లీ చూస్తానో లేదోనన్న బెంగ. నిజంగానే చూడలేదు, ఏడాది తిరక్కుండానే ఆమె పోయింది. నైరుతి రుతుపవనాల కాలం అది. అరేబియా సముద్రం పొర్లుతోంది. ఓడ ఊగుతోంది. కడుపులో తిప్పుడు. ఏడెన్ దాటాక గాని నీళ్లు శాంతించలేదు. అప్పుడు కుర్రాడు డెక్ మీద కుర్చీ వేసుకుని కాగితాలు తీశాడు.

అవి ఉత్త కాగితాలు కావు. వెనక రెండేళ్ల కథ ఉంది. 1928లో జర్మనీ భౌతికశాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ మద్రాసు వస్తే, ప్రెసిడెన్సీ కాలేజీ కుర్రాడు నేరుగా ఆయన హోటలుకే వెళ్లాడు. మీ పుస్తకం మొత్తం చదివానన్నాడు. అది అప్పుడే పాతబడిపోయిందని చెప్పి, ఎలక్ట్రాన్ల మీద తన కొత్త వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టాడు సోమర్‌ఫెల్డ్. అక్కణ్ణుంచి చంద్రకు నిద్ర లేదు. కాలేజీ పోటీలో బహుమతిగా వచ్చిన పుస్తకం ఒకటి కూడా అతని దగ్గరుంది. నక్షత్రాల కడుపులో ఏముందో చెప్పే పుస్తకం. రాసింది ఎడింగ్టన్.

లెక్కలు ఆ ఇంటి ఆస్తి. చంద్ర తాత, అతని పేరే ఉన్న చంద్రశేఖర అయ్యర్, విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. బాబాయి సి.వి.రామన్‌కి 1930 చివర్లోనే నోబెల్ రాబోతోంది. కానీ ఆ డెక్ మీద తాత లేడు, బాబాయి లేడు. ఒక కుర్రాడు, ఒక పెన్సిలు, ఒక చచ్చిపోయిన నక్షత్రం.

ఆకాశంలో అన్నిటికంటే ధగధగలాడే చుక్క మృగవ్యాధం. సిరియస్. దాని పక్కన కంటికి కనపడని జోడు ఉంది. బరువు మన సూర్యుడంత. సైజు మన భూమంత. అలాంటి వాటిని శ్వేతకుబ్జాలంటారు. అక్కడి పదార్థం ఒక చెంచాడు తీస్తే పది టన్నుల పైమాటే. ఇంధనం అయిపోయిన నక్షత్రం అది, మంట లేదు. మరి అంత బరువు తన మీద తనే కూలకుండా ఎలా నిలబడింది?

నిలబెట్టేవి ఎలక్ట్రాన్లు. ఒక స్థానంలో ఒకటే ఎలక్ట్రాన్ ఉండాలన్నది ప్రకృతి నియమం. బస్సులో ముందు సీట్లు నిండితే వచ్చినవాడు వెనక సీటుకి పోవాల్సిందే. అలాగే నెమ్మది స్థానాలన్నీ నిండిపోతే, తర్వాతి ఎలక్ట్రాన్ వేగంగా పరుగెత్తే స్థానానికి పోక తప్పదు. నక్షత్రాన్ని ఎంత నొక్కితే ఎలక్ట్రాన్లు అంత దూకుడుగా తిరుగుతాయి. ఆ దూకుడే పైబరువును మోస్తుంది. చల్లారినా మోస్తుంది. కేంబ్రిడ్జిలో ఫౌలర్ అనే ఆయన 1926లోనే ఈ సంగతి తేల్చాడు. చంద్ర వెళ్తున్నది ఆయన దగ్గర చదవడానికే. అంతా బాగానే ఉంది. ఎంత పెద్ద నక్షత్రమైనా చివరికి ఇలా ప్రశాంతంగా సర్దుకుంటుందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు ఆ కుర్రాడికి ఒక సందేహం వచ్చింది. నక్షత్రం నడిబొడ్డున ఆ ఎలక్ట్రాన్లు ఎంత వేగంతో తిరుగుతున్నట్టు?

లెక్క కట్టాడు. వెలుగు వేగానికి దగ్గరగా వచ్చేస్తున్నాయి. ఐన్‌స్టీన్ పెట్టిన గీత అక్కడుంది. ఆ గీత దాటి ఏ ఎలక్ట్రానూ పోలేదు. అంటే ఎంత నొక్కినా దూకుడు మునుపటిలా పెరగదు. కుర్రాడు పెన్సిలు గట్టిగా పట్టుకున్నాడు.

ఒక నక్షత్రాన్ని సగం సైజుకు నొక్కారనుకోండి. తన బరువును తాను మోయడానికి దానికి కావలసిన ఒత్తిడి 16 రెట్లవుతుంది. ఎలక్ట్రాన్లు నెమ్మదివైతే అవి ఇచ్చే ఒత్తిడి 32 రెట్లు. అవసరానికి మించి చేతికొచ్చింది, కూలడం ఆగింది. కానీ ఎలక్ట్రాన్లు వెలుగు వేగం అంచున ఉంటే? అవి ఇచ్చేది 16 రెట్లే. కావలసిందీ 16, వచ్చేదీ 16. ఇంకా సగానికి నొక్కినా అంతే. ఎంత నొక్కినా మిగులు లేదు. ఇక గెలుపోటములు తేల్చేది ఒక్కటే, బరువు. ద్రవ్యరాశిని రెట్టింపు చేస్తే కావలసిన ఒత్తిడి నాలుగు రెట్లు పెరుగుతుంది, ఎలక్ట్రాన్లు తెచ్చేది రెండున్నర రెట్లు. ఒక హద్దు దాటిందా, ఆ నక్షత్రం అప్పు తీరేది కాదు.

హద్దు ఎక్కడో కూడా కాగితం మీద తేలింది. మొదట వచ్చిన అంకె సూర్యుడికి 0.91 రెట్లు. నక్షత్రం దేనితో తయారైందన్న ఊహను సరిదిద్దాక అది 1.4 దగ్గర స్థిరపడింది. ఆ లోపు నక్షత్రాలు శ్వేతకుబ్జాలై చల్లగా నిద్రపోతాయి. మరి సూర్యుడికి పదింతలు, ఇరవై ఇంతలున్నవి? బరువు వదిలించుకోలేకపోతే అవి ఏమవుతాయి?

కాగితం మీద జవాబు లేదు. ఓడ ఇటలీ తీరానికి చేరుతోంది.

మళ్లీ బర్లింగ్టన్ హౌస్. చంద్ర లేచాడు. అధ్యక్షుడి కుర్చీలో స్ట్రాటన్. ముందు వరుసల్లో బ్రిటన్ ఖగోళశాస్త్రం మొత్తం. కుర్రాడు తన అంకెలు ఒక్కొక్కటిగా పెట్టాడు. ఈసారి లెక్క అంచనాల మీద లేదు. పూర్తిగా, పక్కాగా ఉంది. బరువు పెరిగేకొద్దీ శ్వేతకుబ్జం ఎలా చిన్నదవుతుందో చూపే వంపు గీత. హద్దు దగ్గర ఆ గీత నేరుగా సున్నాకి దిగిపోతోంది. హద్దుకు మించిన నక్షత్రం శ్వేతకుబ్జం కాలేదు. దాని గతి ఏమిటో మనం వేరే ఆలోచించుకోవాలి. అంతే చెప్పి కూర్చున్నాడు.

ఎడింగ్టన్ లేచాడు.

యాభై రెండేళ్ల మనిషి. మాటకారి. 1919లో సూర్యగ్రహణం వేళ ఆఫ్రికా పక్కన ప్రిన్సిపి దీవికి వెళ్లి, సూర్యుడి అంచున నక్షత్రాల వెలుగు వంగుతోందని ఫొటో తీసి చూపింది ఈయనే. గురుత్వాకర్షణ వెలుగును వంచుతుందని లోకాన్ని నమ్మించిన మనిషి. ఇప్పుడు ఆయన నవ్వుతూ మొదలుపెట్టాడు. చంద్రశేఖర్ లెక్క నిజమే అయితే, అన్నాడు, ఆ నక్షత్రం వెలుగు వెదజల్లుతూ, కుంచించుకుంటూ, ఇంకా వెదజల్లుతూ, ఇంకా కుంచించుకుంటూ పోయి పోయి, చివరికి కొన్ని కిలోమీటర్లకు చేరినప్పుడు గురుత్వం ఎంత బలంగా బిగుస్తుందంటే, వెలుగును కూడా లోపలే పట్టేస్తుంది, అప్పటికి గాని దానికి మనశ్శాంతి దొరకదు అని.

హాలు నవ్వింది.

ఆ ఒక్క వాక్యంలో ఆయన కృష్ణబిలాన్ని చెప్పేశాడు. ఆ పేరు ఇంకా పుట్టనే లేదు. కొన్ని కిలోమీటర్లన్న అంకె కూడా సరైనదే. ఆయన దాన్ని చెప్పింది మాత్రం, ఇలా జరగదు కాబట్టి ఈ కుర్రాడి లెక్క తప్పు అని నిరూపించడానికి.

నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా అడ్డుకునే నియమం ప్రకృతిలో ఏదో ఉండి తీరాలన్నాడు ఎడింగ్టన్. ఆ నియమం ఉందా? వెలుగును లోపలే పట్టేయడమంటే అసలు ఏం జరుగుతుంది?

ఆ హాలుకు ఎనభై తొమ్మిదేళ్లు ఇటు వద్దాం. 2024 జనవరి 1. ఉదయం 9 గంటల 10 నిమిషాలు. తిరువళ్లూరు జిల్లా, కాట్టుపల్లి తీరం. దక్షిణాన ఎన్నూరు. ఉత్తరాన పళవేర్కాడు, మ్యాపుల్లో పులికాట్, తెలుగు నోట ప్రళయకావేరి. ఆ సరస్సు పక్కనే శ్రీహరికోట. ఇక్కడికి దూరం యాభై కిలోమీటర్ల లోపే. అక్కడ పీఎస్‌ఎల్‌వీ-సీ58 నేల విడిచింది. ఆ నిప్పు వెలుగు ఇక్కడికి రెప్పపాటులో వస్తుంది. ఆ ఉరుము రావడానికి రెండు నిమిషాలు దాటుతుంది. రాకెట్టు ముక్కులో ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహం. అది వెళ్తున్నది కృష్ణబిలాల చుట్టూ పుట్టే ఎక్స్‌ కిరణాలను పట్టడానికి.

రాకెట్టు చూసినప్పుడల్లా మనకొక పాత పాఠం గుర్తొస్తుంది. భూమి నుంచి రాయి విసిరి తిరిగి పడకుండా చేయాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. పలాయన వేగం. సూర్యుడి మీద నుంచైతే 618. సిరియస్ జోడు మీద నుంచి దాదాపు 6,800. అంతకంటే బిగిసిన న్యూట్రాన్ నక్షత్రం మీద నుంచైతే లక్షన్నర దాటుతుంది. ఇంకా నొక్కితే ఆ వేగం వెలుగు వేగాన్ని, అంటే సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లను తాకుతుంది. సూర్యుణ్ణి మూడు కిలోమీటర్ల వ్యాసార్ధానికి నొక్కితే సరిగ్గా అది జరుగుతుంది. వెలుగుకే చాలనప్పుడు ఇంకెవరు బయటపడతారు? 1783లోనే జాన్ మిచెల్ అనే ఇంగ్లిష్ మతగురువు ఈ లెక్క కట్టాడు. మన పాఠ్యపుస్తకాలూ దాదాపు ఇక్కడే ఆగుతాయి.

కానీ ఆ రాకెట్టునే మళ్లీ చూడండి. గద్దె మీద నుంచి లేచే మొదటి క్షణాల్లో దాని వేగం ఎంత? మన ఆర్టీసీ బస్సంత కూడా ఉండదు. అయినా పైకే వెళ్తోంది. ఎందుకంటే అది విసిరిన రాయి కాదు. ఇంజను మండినంత సేపూ ఎక్కుతూనే ఉంటుంది. తగినంత ఇంధనం ఉంటే, నడక వేగంతో కూడా భూమిని వదిలిపోవచ్చు. పలాయన వేగం అవసరమే లేదు. అలాగైతే మిచెల్ చీకటి నక్షత్రం మీద నుంచి కూడా రాకెట్టు వేసుకుని మెల్లగా ఎక్కి వచ్చేయొచ్చు. అక్కడి వెలుగు కూడా కొంత ఎత్తు ఎగిరి, రాయిలా వెనక్కి పడుతుంది. ఆ ఎత్తులో నిలబడిన వాడికి కనపడుతుంది కూడా.

కృష్ణబిలం నుంచి అలా కూడా రాలేం. అక్కడ వెలుగు ఎగిరి పడదు. ఒక్క వేలెడు ఎత్తు కూడా లేవదు. ఎందుకని?

జవాబు ఆ ప్రళయకావేరి ముఖద్వారం దగ్గర ఉంది. పాటు వేళ సరస్సు నీళ్లు సముద్రంలోకి లాగుతుంటాయి. ఒక పడవ సరస్సు వైపు మొహం పెట్టింది. మనిషి ఉన్న బలమంతా పెట్టి తెడ్డు వేస్తున్నాడు. నీళ్ల మీద అతని వేగం ఎప్పుడూ ఒక్కటే. లాగుడు తక్కువున్న చోట పడవ ముందుకు పోతుంది, కాస్త ఆలస్యంగా. ఇంకాస్త సముద్రం వైపు జరిగితే లాగుడూ అతని వేగమూ సమానమయ్యే చోటొకటి వస్తుంది. అక్కడ అతను ఎంత తెడ్డు వేసినా, ఒడ్డున ఉన్న తాటిచెట్టు అక్కడే నిలబడి ఉంటుంది. ఇంకొక్క అడుగు అటు జరిగితే? పడవ మొహం సరస్సు వైపే ఉంది. తెడ్డు సరస్సు వైపే పడుతోంది. పడవ మాత్రం సముద్రంలోకి పోతోంది.

నీళ్ల బదులు అక్కడ స్థలమే జారుతోంది. ఇది కవిత్వం కాదు, లెక్క. ఫ్రాన్స్ ప్రధానిగా కూడా పనిచేసిన గణితవేత్త పాన్లెవే, కంటి మీద చేసిన పనికి వైద్యంలో నోబెల్ అందుకున్న స్వీడన్ శాస్త్రవేత్త గుల్‌స్ట్రాండ్ 1921, 22లలో ఎవరికి వారు ఐన్‌స్టీన్ సమీకరణాలను ఈ రూపంలో రాశారు. స్థలం లోపలికి జారే వేగం ఎక్కడికక్కడ ఎంతో తెలుసా? సరిగ్గా అక్కడి పలాయన వేగమంత. అందుకే మిచెల్ తప్పు దారిలో వెళ్లినా సరైన అంకెకే చేరాడు. జారుడు వెలుగు వేగాన్ని అందుకునే ఆ గుండ్రటి సరిహద్దునే ఘటనా క్షితిజం అంటున్నాం. సరిగ్గా ఆ గీత మీద బయటికి దూసుకెళ్లే వెలుగు, తాటిచెట్టు ముందు పడవలా, ఉన్న చోటే ఉండిపోతుంది. దాని పక్కగా లోపలికి పడిపోతూ కొలిచే వాడుంటే, వాడికి ఆ వెలుగు ఎప్పటిలాగే సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతోనే దూసుకెళ్తూ కనిపిస్తుంది. వెలుగు అలిసిపోలేదు. నెమ్మదించలేదు. దాని కాళ్ల కింద నేలే జారిపోతోంది.

గీత దాటాక ఇంకా విచిత్రం. లోపల ఉన్నవాడికి నడిబొడ్డు ఒక దిక్కులా ఉండదు, రాబోయే సమయంలా ఉంటుంది. కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా రేపు వస్తుంది కదా, అలా. బయట అన్నది నిన్నటి వైపు ఉండిపోయింది. సూర్యుడికి పదింతలున్న కృష్ణబిలంలో గీత దాటాక మిగిలే కాలం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఏ ఇంజను వేసినా ఆ గడువును దాటించలేదు. బయటపడాలంటే వేగం సరిపోదు. బయట అనే దిక్కే ఉండాలి.

ఇంతకీ ఎడింగ్టన్ కోరుకున్న నియమం? ఇంకేదైనా గట్టి పదార్థం అడ్డు నిలబడొచ్చుగా? అక్కడా ఒక ఉచ్చు ఉంది. ఐన్‌స్టీన్ లెక్కలో బరువు ఒక్కటే ఆకర్షించదు. ఒత్తిడి కూడా ఆకర్షిస్తుంది. పడిపోతున్న గోడకు ఆసరాగా పెట్టిన దుంగే గోడ మీద ఇంకా బరువు వేస్తే ఎలా? పదార్థం ఎంత గట్టిగా ఎదురు నొక్కితే, ఆ నొక్కుడే అంత గురుత్వాన్ని కలుపుతుంది. ఒక దశ దాటాక ఎదురు తిరగడమే కూలడాన్ని తొందర చేస్తుంది.

1935లో ఆ హాల్లో ఇదంతా ఎవరూ చెప్పలేదు. చంద్ర లేచి జవాబు చెప్పాలనుకున్నాడు. అధ్యక్షుడు అవకాశం ఇవ్వలేదు. ఈ వాదనలను జాగ్రత్తగా తూచాకే చర్చ అని తదుపరి ప్రసంగానికి వెళ్లిపోయాడు. ఎడింగ్టన్ వాదనలో పస లేదని చంద్రకు తెలుసు. హాల్లో నవ్వు ఆగలేదన్నదీ తెలుసు. సమావేశం ముగిశాక ఒక్కొక్కరే వచ్చి, పాపం, పాపం అన్నారు.

ఆ రాత్రి కేంబ్రిడ్జికి తిరిగి వచ్చేసరికి చాలా పొద్దుపోయింది. ట్రినిటీ కాలేజీ ఉమ్మడి గదిలో నిప్పు ఇంకా రగులుతోంది. మనిషి లేడు. కుర్రాడు ఆ నిప్పు ముందు నిలబడిపోయాడు.

వెంటనే కోపెన్‌హాగెన్‌లోని స్నేహితుడు రోసెన్‌ఫెల్డ్‌కి ఉత్తరం రాశాడు. అక్కడ నీల్స్ బోర్ ఉన్నాడు. ఎడింగ్టన్ మాటలకు అర్థమే లేదని ఇద్దరూ తేల్చారు. మరో భౌతికశాస్త్రవేత్త పౌలీ కూడా అదే అన్నాడు. కానీ అందరూ గుసగుసగానే. బహిరంగంగా ఎడింగ్టన్‌కి ఎదురు చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. నక్షత్రాల మీద అంత అధికారం ఉన్న మనిషి జరగదు అంటే, కొన్నేళ్లు అది జరగనట్టే. 1937లో చంద్ర అమెరికా వెళ్లిపోయాడు. రెండేళ్లకు శ్వేతకుబ్జాల లెక్క మొత్తం ఒక పుస్తకంలో పెట్టి, ఆ తలుపు వేసి, వేరే పనిలోకి నడిచాడు.

అదే 1939. సెప్టెంబర్ 1. ఐరోపాలో యుద్ధం మొదలైన రోజు. అమెరికాలో ఒక పత్రికలో ఒపెన్‌హైమర్, అతని శిష్యుడు స్నైడర్ రాసిన వ్యాసం వచ్చింది. హద్దు దాటిన నక్షత్రం కూలితే ఏమవుతుందో వాళ్లు చివరిదాకా లెక్క కట్టారు. దూరం నుంచి చూసేవాడికి నక్షత్రం కూలుతూ కూలుతూ నెమ్మదిస్తుంది. దాని వెలుగు ఎర్రబారుతుంది, మసకబారుతుంది, క్షితిజం దగ్గర గడ్డకట్టినట్టవుతుంది. నక్షత్రంతో పాటే పడుతున్నవాడికి మాత్రం ఏ గడ్డకట్టడమూ లేదు. గీత ఎప్పుడు దాటాడో కూడా తెలియకుండా లోపలికి జారిపోతాడు. ఎడింగ్టన్ హేళనగా చెప్పిన వాక్యం ఇప్పుడు సమీకరణమై అచ్చులో ఉంది. కానీ తుపాకుల మోతలో దాన్నెవరు చదివారు?

చదవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పైనే పట్టింది. 1967 నాటికి భౌతికశాస్త్రవేత్త వీలర్ నోట బ్లాక్ హోల్ అన్న మాట స్థిరపడింది. మనం కృష్ణబిలం అన్నాం. బిలం అనగానే అందరినీ లోపలికి పీల్చేసే బొరియ గుర్తొస్తుంది. అది నిజం కాదు. మన సూర్యుడు ఈ క్షణంలో అదే బరువుతో మూడు కిలోమీటర్ల కృష్ణబిలమైపోతే, భూమి తన దారిన తాను ఎప్పటిలాగే తిరుగుతుంది. చీకటి, చలి కమ్ముకుంటాయి గాని కక్ష్య చెదరదు. ప్రమాదమంతా ఆ గీత దగ్గరకు పోయిన వాడికే.

గీత లోపలి నుంచి ఏదీ రాకపోతే, అక్కడ అది ఉందని ఎలా తెలుస్తుంది?

హంస రాశిలో సిగ్నస్ ఎక్స్-1 ఉంది. ఒక భారీ నీలి నక్షత్రం అయిదున్నర రోజులకోసారి కనపడని జోడు చుట్టూ తిరుగుతోంది. ఆ తిరుగుడును బట్టి జోడు బరువు సూర్యుడికి ఇరవై రెట్ల పైమాట. న్యూట్రాన్ నక్షత్రం మోయగలిగే హద్దు మూడు రెట్ల లోపే. బరువు ఒక సాక్ష్యం. ఇంకో సాక్ష్యం ఉంది, అంతకంటే వింతైంది. న్యూట్రాన్ నక్షత్రానికి నేల ఉంటుంది. జోడు నుంచి లాక్కున్న వాయువు ఆ నేల మీద పేరుకుని, వేడెక్కి, ఒక్కసారి అణుబాంబులా మండుతుంది. ఎక్స్‌ కిరణాల పేలుడు సెకన్లలో కనిపిస్తుంది. కృష్ణబిలమనుకునే వాటి దగ్గర అలాంటి పేలుడు ఎన్నడూ కనపడలేదు. వాయువు పడుతోంది. పడుతూనే ఉంది. పేరుకోవడానికి అక్కడ నేలే లేదు.

పడేముందు ఆ వాయువు కోట్ల డిగ్రీలకు కాగి వెలుగుతుంది. ఆ వెలుగు గీతకు బయట పుట్టింది కాబట్టి బతికి బయటపడుతుంది. కాని ఊరికే రాదు. వంగిన స్థలం గుండా వచ్చేటప్పుడు అది కంపించే దిశ మెలితిరిగిపోతుంది. ఆ మెలికను కొలిస్తే, తాను ఎంత దగ్గర నుంచి తప్పించుకొచ్చిందో, అక్కడి వాయువు ఎలా పరుచుకుందో వెలుగే చెబుతుంది.

కాట్టుపల్లి తీరాన ఉరుము దాటిపోయింది. సముద్రం మీద పొగచార మెల్లగా విడిపోతోంది. ఇరవై నిమిషాలు దాటాక, భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున, ఎక్స్‌పోశాట్ రాకెట్టు నుంచి విడివడింది. అందులో ప్రధాన పరికరం పేరు పోలిక్స్. నడుమ తేలికైన లోహపు బిళ్ల. నాలుగు వైపులా నాలుగు పెట్టెలు. ఎక్స్‌ కిరణం వచ్చి బిళ్లకు తగిలి పక్కకు చిమ్ముతుంది. ఏ పెట్టెలో ఎన్ని పడ్డాయో లెక్కపెడితే, అది ఏ దిశలో కంపిస్తూ వచ్చిందో తేలుతుంది. కిరణాలను ఒక్కొక్కటిగా, వారాల తరబడి లెక్కపెట్టాలి.

ఆ నాలుగు పెట్టెలను తయారుచేసింది బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థ. 1948లో దాన్ని స్థాపించింది చంద్ర బాబాయి.